మోకాలి మార్పిడి తర్వాత ఇంటి వ్యాయామాలు: నాలుగు కాగితాలు, మూడు గడపలు

"ఫిజియోథెరపీ చదివి రెండేళ్లయింది, వరంగల్‌లో పనిచేస్తున్నా. మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్లకు డిశ్చార్జి రోజే 14 వ్యాయామాల కాగితం చేతిలో పెట్టి పంపుతున్నాం. కుట్లు తీయించుకోవడానికి వచ్చేసరికి కొందరు ఏదీ చేసి ఉండరు, కొందరు అన్నీ చేసి కాలు వాచి వస్తారు. ఇంటి దగ్గర వారం వారం భద్రంగా చేసుకునేటట్టు ఏది ముందు, ఏది వెనక చెప్పాలి?"

హన్మకొండ చుట్టుపక్కల ఇళ్లకు తిరిగి ఫిజియో చేయడం మొదలుపెట్టి నాకు 19 ఏళ్లు. పోయిన వానాకాలం పరకాల అవతల ఒక ఊర్లో చూసిన పెద్దమ్మ సంగతి ముందు చెబుతా. వరస తప్పితే ఏమవుతుందో, సర్దితే ఏమవుతుందో రెండూ ఆమె దగ్గర కనిపించాయి.

ఆమెకు 64 ఏళ్లు. కుడి మోకాలు మార్చి ఆ రోజుకు 9 రోజులు. నేను వెళ్లేసరికి మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది, మోకాలి కింద రెండు మెత్తలు. "గట్ల పెట్టుకుంటే పానం నిమ్మలమైతది బిడ్డా" అంది. ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితాన్ని గోడ మేకుకు తగిలించారు. 16 బొమ్మలు, బొమ్మల కింద ఇంగ్లిషు, అడుగున రెండు లైన్ల తెలుగు. కోడలు పొద్దున్నే దాని ముందు నిలబడి "అత్తమ్మా, ఇయ్యాల ఏది జేద్దాం?" అని అడుగుతుందట. అత్తమ్మ మాత్రం రోజూ ఒక్కటే చేస్తోంది: మడమను పరుపు మీద వెనక్కు జరిపి మోకాలు ముడవడం. రోజుకు వంద సార్లు. చూడ్డానికి వచ్చిన చుట్టాలెవరో "ముడవకుంటే మల్ల ఆపరేషన్ జేస్తరు" అని చెప్పి పోయారు మరి.

టేపు తీసి మోకాలి చిప్ప నడిమి మీదుగా చుట్టి కొలిస్తే కుడి మోకాలు ఎడమదానికన్నా 4 సెంటీమీటర్లు లావుంది. వంద సార్లు ముడిచినా ముడుపు 70 డిగ్రీలే. చాపమంటే నిటారుకు ఇంకా 15 డిగ్రీలు తక్కువ. మోకాలి వెనక, పరుపుకూ కాలికీ మధ్య నా మూడు వేళ్లు దూరాయి. "తొడ బిగించమ్మా" అంటే పిర్ర బిగుస్తోంది, పొట్ట బిగుస్తోంది, పళ్లు కూడా బిగుస్తున్నాయి. తొడ ముందు కండరం మాత్రం అరచేతి కింద మెత్తగా, పిండి ముద్దలా అలాగే ఉంది.

ఆమె బద్ధకస్తురాలు కాదు, చెప్పింది విననిదీ కాదు. వరస తెలియక ఇట్లా అయింది. మోకాలి లోపల నీరు చేరినప్పుడు నరాలు తొడ ముందు కండరాన్ని పని చేయనివ్వవు. మనిషి ఎంత గట్టిగా అనుకున్నా ఆ కండరానికి కబురు సగమే అందుతుంది. వంద సార్లు ముడిస్తే వాపు పెరుగుతుంది, వాపు పెరిగితే తొడ కండరం ఆగిపోతుంది, అది ఆగితే మోకాలు నిటారుగా రాదు. నిటారుగా రాని కాలు గుంజుతుంది, గుంజితే మెత్త పెట్టుకోబుద్ధవుతుంది. మెత్త మీద పడుకున్న మోకాలు ఆ వంపులోనే బిగుసుకుపోతుంది. అందుకే నా వరస ఎప్పుడూ ఒకటే: ముందు వాపు, తర్వాత చాపు, ఆ తర్వాత ముడుపు, చివర బలం. మన దగ్గర ఇంట్లోవాళ్ల భయం ముడుపు మీదే ఉంటుంది. ముడుపు నెలల తరబడి మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. చాపు అట్లా కాదు, మొదటి వారాల్లో పోగొట్టుకున్నది తర్వాత తెచ్చుకోవడం చాలా కష్టం. పైగా నడకలో కాలు ఊపడానికి 60, 65 డిగ్రీల ముడుపు చాలు, నిలబడి ఒంటి బరువు మోయడానికి మాత్రం అడుగడుగుకూ నిటారు మోకాలు కావాలి.

అందుకని గోడ మీది కాగితం తీసి మడిచి కోడలి చేతికిచ్చా. దాని స్థానంలో నాలుగు బొమ్మల కాగితం పెట్టా. నేను ఎవరికైనా మొత్తం నాలుగు కాగితాలు ఇస్తా, ఒకేసారి కాదు. ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి పోవడానికి ఒక గడప ఉంటుంది. ఆ గడప మీద తేదీ రాయను, మోకాలు ఏం చేసి చూపించాలో రాస్తా. "3వ వారం నుంచి ఇవి" అని రాశామంటే, తయారుగా లేని కాలు కూడా 15వ రోజు పొద్దున్నే వాటికి దిగుతుంది. వారాల లెక్క మన అంచనా కోసమే.

మొదటి కాగితం ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు నుంచి కుట్లు తీసేదాకా, అంటే సుమారు 2 వారాలు. ఇందులో నాలుగే ఉంటాయి. మొదటిది పాదం పైకీ కిందికీ ఆడించడం, మెలకువగా ఉన్నంతసేపు గంటకు 20 సార్లు. ఇది పిక్కలో రక్తం నిలవకుండా ఉండేందుకు. రెండోది తొడ బిగించి మోకాలి వెనక భాగాన్ని పరుపుకేసి నొక్కడం, 5 లెక్కపెట్టేదాకా పట్టి వదలడం, పూటకు 10, రోజుకు నాలుగైదు పూటలు. మూడోది టవల్‌ను గట్టిగా చుట్టి మడమ కింద పెట్టి, మోకాలి కింద ఏమీ లేకుండా కాలిని వేలాడనివ్వడం, 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. నాలుగోది మడమ జరిపి ముడవడం, అదీ పూటకు 10 మాత్రమే, రోజుకు మూడు నాలుగు పూటలు. వీటికి తోడు వాకర్ పట్టుకుని ఇంట్లోనే గంటకో రెండు గంటలకో ఒకసారి ఐదు నిమిషాల నడక.

ఒక పూటలో కూడా వరస ఉంది. డాక్టర్ రాసిన నొప్పి మాత్ర వేసుకున్నాక అరగంట, ముప్పావు గంట ఆగాలి. పాదం ఆడించడంతో మొదలుపెట్టి, తొడ నొక్కి, ముడిచి, చివర మళ్లీ మడమ కింద టవల్‌తో చాపి ముగించాలి. ముడవడంతో ముగిస్తే మనిషి ఆ వంపులోనే పడుకుంటుంది. ఆఖర్న పాదం గుండెకన్నా ఎత్తులో ఉండేటట్టు పిక్క, మడమ కింద మెత్తలు పెట్టి, గుడ్డలో చుట్టిన ఐసు 15 నుంచి 20 నిమిషాలు. కోతకు బయటి పక్క చర్మం చాలామందికి మొద్దుబారి ఉంటుంది, చల్లదనం తెలియదు. అందుకే ఐసును నేరుగా పెట్టొద్దని, మధ్యలో ఒకసారి గుడ్డ ఎత్తి చర్మం చూడమని చెప్పాలి.

ఇక్కడ మాట ముఖ్యం. "క్వాడ్రిసెప్స్ కాంట్రాక్షన్" అన్నా, "తొడ కండరం సంకోచింపజేయండి" అన్నా ఆ మంచం మీద ఎవరికీ ఏమీ అర్థం కాదు. పెద్దమ్మ మోకాలి వెనక నా అరచేయి పెట్టి "నా చెయ్యి పరుపుకు అంటుకునేటట్టు నొక్కు" అన్నా. రెండుసార్లు పిర్ర లేపింది. మూడోసారి మోకాలి చిప్ప చిటికెడంత పైకి జరిగింది. "అగో, చిప్ప పైకొచ్చింది సూడు అత్తమ్మా!" అని కోడలే ముందు చూసింది. ఇక రోజూ చూడాల్సింది అదే అని ఆమెకు చెప్పా: చిప్ప పైకి జరిగితే సరిగ్గా చేసినట్టు, జరగకపోతే పిర్రతో చేసినట్టు. ఏ వ్యాయామానికైనా ఇంట్లోవాళ్లు కంటితో చూడగలిగే ఇట్లాంటి ఒక్క గుర్తు ఇవ్వగలిగితే సగం పని అయినట్టే.

"అర్థమైందా?" అని అడగడం మానేయండి. మన దగ్గర డాక్టర్ అడిగితే ఎవరైనా "అయింది సారూ" అనే అంటారు, అనకపోతే మర్యాద కాదనుకుంటారు. "నేను బయటికి పోయి ఐదు నిమిషాల్లో వస్తా, నువ్వు అత్తమ్మతో చేయించి పెట్టు" అని కోడలికి చెప్పి వాకిట్లోకి పోతా. తిరిగొచ్చి చూస్తే ఏది పోయిందో తెలుస్తుంది. ఆ రోజు పోయింది టవల్ చుట్ట. మడమ కింద పెట్టమంటే పిక్క కింద పెట్టారు. అట్లా పెడితే మోకాలు వేలాడదు. అప్పుడే సరిచేసి కోడలి ఫోన్‌లో ఫోటో తీయించా. మీరైనా ఇదే చేయండి, ఆసుపత్రి బొమ్మకన్నా సొంత అత్తమ్మ కాలు, సొంత మంచం ఉన్న ఫోటోనే వాళ్లు తీసి చూస్తారు. చదవడం రానివాళ్లకు వాట్సాప్‌లో ఒక్కో వ్యాయామానికి ఒక్కో చిన్న వాయిస్ మెసేజ్ పంపుతా. అన్నీ కలిపి నాలుగు నిమిషాల మెసేజ్ పంపితే మొదటిది విని ఫోన్ పక్కన పెడతారు.

ఎన్నిసార్లు చేయాలో గంటలతో చెబితే నిలవదు. పొద్దున చాయ్‌కి ముందు, పగటి అన్నానికి ముందు, పొద్దుగూకే ముందు, రాత్రి పడుకునే ముందు అని చెబితే నిలుస్తుంది.

ఇక మొదటి గడప. దీన్ని దాటాలంటే మూడు చూస్తా. ఒకటి, కాలు చాపినప్పుడు మోకాలి వెనక ఒక వేలికన్నా ఎక్కువ దూరకూడదు. రెండు, కాలు నిటారుగా పైకెత్తినప్పుడు మోకాలు వాలిపోకుండా 10 సార్లు ఎత్తగలగాలి. మూడు, పొద్దున లేవగానే వాపు నిన్నటికన్నా పెరిగి ఉండకూడదు. ముడుపు 80, 90 దగ్గర ఉంటే సంతోషం. కొంచెం తక్కువున్నా ఈ మూడూ ఉంటే నేను ఆపను.

రెండోదాని గురించి నా తప్పు ఒకటి చెప్పాలి. పనిలో చేరిన కొత్తలో నేనూ కాలు పైకెత్తే వ్యాయామాన్ని మొదటి రోజు నుంచే ఇచ్చేదాన్ని, పుస్తకంలో ఉంది కదా అని. ఒకాయన మంచం మీద కాలు ఎత్తేవాడు, ఎత్తు చూసి నేను మురిసిపోయేదాన్ని. మడమ పైకి లేస్తోంది కానీ మోకాలు 20 డిగ్రీలు వాలి ఉందని గమనించలేదు. మనం లాగ్ అనేది అదే: మనం చేత్తో చాపితే చాపు వస్తుంది, తనంతట తాను ఎత్తితే నిలవదు. ఎత్తేది తుంటి దగ్గరి కండరం, తొడ ముందు కండరం కాదు. ఆ కాలితోనే వాకర్ వదిలి చేతికర్రతో నడవమన్నా. మూడో రోజు స్నానాల గది గడప దగ్గర మోకాలు మడతపడి కూలబడ్డాడు. ఎముక విరగలేదు, అది అదృష్టమే. అప్పటి నుంచి చిప్ప పైకి జరగడం కనపడనిదే కాలు ఎత్తించను, వాలకుండా 10 సార్లు ఎత్తనిదే వాకర్ వదలనివ్వను.

వాపు సంగతికి ఒక కొలత కావాలి. పొద్దున మంచం దిగకముందు టైలర్ టేపుతో చిప్ప నడిమి మీద కొలిచి క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాయమంటా. నిన్నటికన్నా 1 సెంటీమీటర్ పెరిగితే నిన్న చేసింది ఎక్కువైంది. ఆ రోజు సంఖ్య సగానికి తగ్గించాలి. మానేయకూడదు, సగం చేయాలి, ఐసు ఒకసారి ఎక్కువ పెట్టాలి. నొప్పికి కూడా ఇట్లాంటిదే: చేసేటప్పుడు పదికి నాలుగు దాకా నొప్పి ఉండొచ్చు, గంటలోపు తగ్గాలి. రాత్రి నిద్ర పట్టనివ్వకపోతే అది ఎక్కువైనట్టు. నొప్పి ఉంటే అసలు చేయొద్దనుకునేవాళ్లకూ, నొప్పి ఎంత ఉంటే అంత మంచిదనుకునేవాళ్లకూ ఈ లెక్క ఒకటే పనిచేస్తుంది. నొప్పికి మందుల దుకాణంలో ఇంకో మాత్ర కొని కలపొద్దని కూడా చెప్పాలి. ఈ వయసువాళ్లలో చాలామందికి బీపీ, షుగర్ ఉంటాయి, కిడ్నీల మీద పడుతుంది.

పెద్దమ్మ విషయానికొస్తే, మెత్తలు తీసేయించి, వంద ముడుపులను రోజుకు 30కి తెచ్చేసరికి ఆమెకు మొదట కోపమొచ్చింది. "నువ్వు తక్కువ చేయిస్తున్నవ్, ముడవకపోతే నీదే బాధ్యత" అంది. 12వ రోజుకు వాపు తేడా 4 నుంచి రెండున్నర సెంటీమీటర్లకు దిగింది. 14వ రోజు కుట్లు తీసినప్పుడు చాపు లోటు 15 నుంచి 8 డిగ్రీలకు వచ్చింది. ముడుపు, వందలో మూడో వంతే చేస్తున్నా, 70 నుంచి 82 అయింది. వాపు దిగితే ముడుపు దానంతట అదే కొంత వస్తుందని అప్పుడు నమ్మింది. మొదటి గడప ఆమె దాటింది 14వ రోజు కాదు, 19వ రోజు. ఆ ఐదు రోజులు మొదటి కాగితమే నడిచింది.

రెండో కాగితం సుమారు 3, 4 వారాలది. పాదం ఆడించడం ఇక వ్యాయామంగా లెక్క పెట్టను, అది అలవాటైపోయి ఉంటుంది. చాపు మాత్రం ఉంటుంది, ఏ కాగితంలోనూ పోదు. దానికి తోడు నిటారు కాలు పైకెత్తడం 10 చొప్పున రెండు దఫాలు. చేతులున్న ఎత్తు కుర్చీలోంచి లేచి కూర్చోవడం పూటకు 5తో మొదలు, సీటు మీద మందపాటి మెత్త వేసి. వంటగది గట్టు పట్టుకుని మడమలెత్తడం 10. ముడుపు ఇప్పుడు కుర్చీలో: పాదాన్ని నేల మీద వెనక్కు జరిపి, బాగున్న కాలిని దాని ముందు అడ్డంగా పెట్టి మెల్లగా నెట్టాలి, 10 లెక్కపెట్టేదాకా పట్టాలి. మనవరాలు బొటనవేలి కొన దగ్గర నేల మీద చాక్‌పీస్‌తో గీత గీసేది. కుర్చీ కాళ్లకు కూడా గీతలు గీసి, రోజూ అక్కడే వేయించా, లేకపోతే కొలత అబద్ధం చెబుతుంది. మూడు రోజులకో గీత, ఒక్కోటి వేలెడు వెనక్కి. గోనియోమీటర్ చూపించే డిగ్రీలకన్నా ఆ గీతలే ఆమెకు ముద్దు.

బాగున్న కాలితో నెట్టాలి కానీ ఇంకో మనిషి నెట్టకూడదు. ఊర్లో ఎవరో ఒకరు వచ్చి "నేను ముడుస్తా సూడు" అని మడమ పట్టుకుని ఒక్కసారి నొక్కుతారు, లేదంటే కుట్ల మీద నూనె రాసి పిసుకుతారు. ఈ రెండూ వద్దని రెండో కాగితం పైనే పెద్ద అక్షరాల్లో రాయండి.

చేతికర్ర ఇచ్చేది కూడా ఈ కాగితంలోనే. కర్ర ఆపరేషన్ కాలికి ఎదుటి చేతిలో ఉండాలి. పది మందిలో ఎనిమిది మంది ఆపరేషన్ అయిన వైపే పట్టుకుంటారు. చెప్పి వదిలేస్తే లాభం లేదు, నాలుగు అడుగులు నడిపించి చూడాలి.

4వ వారంలో పెద్దమ్మ ఊర్లోనే ఒక పెళ్లికి పోయింది. నాకు చెప్పలేదు, చెబితే వద్దంటానని. ప్లాస్టిక్ కుర్చీలో కాలు కిందికి వేలాడేసి మూడు గంటలు, మధ్యలో భోజనాల దగ్గర నిలబడి ఇంకో గంట. మర్నాడు పొద్దున క్యాలెండర్‌లో సంఖ్య ఒకటిన్నర సెంటీమీటర్ పెరిగింది. కోడలు ఫోన్ చేసి "మేడం, తప్పయింది" అంటే ముందు నేను అడిగింది పిక్క సంగతి. పిక్క గట్టిపడి, వేడిగా, పట్టుకుంటే నొప్పిగా ఉందా? లేదంది. ఊపిరాడకపోవడం, ఛాతీలో నొప్పి? లేదు. కోత దగ్గర చీము, నీరు, జ్వరం? ఏమీ లేవు. అయితే ఇది పని ఎక్కువై వచ్చిన వాపు. రెండు రోజులు మొదటి కాగితానికి వెనక్కి రమ్మన్నా. మూడో రోజుకు దిగింది, మళ్లీ రెండో కాగితం. గడప వెనక్కి కూడా దాటొచ్చని వాళ్లకు ముందే చెప్పి ఉండాలి. లేకపోతే మొత్తం పాడైందనుకుని అన్నీ మానేస్తారు. పాత కాగితం పారేయొద్దని నేను చెప్పేది అందుకే.

పిక్క, ఊపిరి, కోత గురించి అడిగిన ఆ ప్రశ్నలు నాలుగు కాగితాల వెనకా ఎర్ర సిరాతో ఉంటాయి. పిక్క వాచి నొప్పి పెడితే, కోత కారితే, ఎర్రబడితే, జ్వరమొస్తే వ్యాయామం ఆపి ఆ రోజే ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు ఫోన్. ఊపిరాడకపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా 108. పడిపోయిన తర్వాత కాలు ఎత్తలేకపోతే నడిపించొద్దు, ఎక్స్‌రే తీయించాలి. వాటి కిందనే ఇంకో రంగులో, భయపడక్కర్లేనివి: మోకాలు వెచ్చగా ఉండటం, లోపల టిక్ టిక్ మనడం, కోత బయటి పక్క మొద్దు. ఇవి నెలలు ఉంటాయి. ముందే చెప్పకపోతే, వెచ్చగా ఉందని వ్యాయామం మానేసినవాళ్లను ఎంతమందినో చూశా.

రెండో గడప దాటడానికి చేయి ఆనకుండా ఎత్తు కుర్చీలోంచి ఐదుసార్లు లేవగలగాలి, రెండు కాళ్ల మీద బరువు సమానంగా పడాలి. ముడుపు 90 దాటి ఉండాలి. బరువు సంగతి కనిపెట్టడం తేలిక: లేచేటప్పుడు ఎదురుగా నిలబడి చూడండి. ఆపరేషన్ కాలిని ముందుకు జరిపి మొత్తం బాగున్న కాలి మీదే లేస్తుంటే ఇంకా రాలేదు.

మూడో కాగితం 5, 6 వారాలది, దాదాపు అంతా మెట్లు. పైకెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆపి. ఇంట్లో మెట్లున్నవాళ్లకు ఈ మాట ఆసుపత్రి నుంచి వచ్చే రోజే చెప్పి ఉంటాం. ఇప్పుడు చెప్పేది వ్యాయామంగా ఎక్కడం: 4 అంగుళాల ఎత్తు, కదలని చెక్క పెట్టె గానీ వాకిలి మెట్టు గానీ, పక్కన పట్టుకోవడానికి గోడో కమ్మీనో. ఆపరేషన్ కాలు పైన పెట్టి లేచి, మెల్లగా దిగడం, పూటకు 8 నుంచి 10. రెండు వారాలకు మామూలు మెట్టు ఎత్తు. ఎక్కడంకన్నా దిగడం కష్టం, దానికి 90 పైన ముడుపూ కావాలి, తొడలో పట్టూ కావాలి. ఆపరేషన్ అయిన నెలకు తొడ ముందు కండరం బలం ముందున్నదాంట్లో సగం దాకా పడిపోయి ఉంటుంది. "నొప్పి లేదు కదా" అని ఈ వారాల్లోనే మెట్లు చకచకా దిగబోయి పడతారు. ముడుపు 105, 110 దాకా వచ్చినవాళ్లకు నిలబెట్టిన సైకిల్ 5 నిమిషాలు, తేలిక బిగువుతో. పెడల్ పూర్తి చుట్టు తిరగకపోతే ముందుకూ వెనక్కూ సగం చుట్టు ఊపితే చాలు, తుంటి ఎత్తి బలవంతంగా తిప్పొద్దు.

6 వారాలకు ముడుపు 90 కూడా రాకపోతే ఇంకో నెల చూద్దామని కూర్చోకండి. ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి అప్పుడే పంపండి. మత్తిచ్చి ముడిచే పద్ధతి ఒకటుంది, అది మొదటి మూడు నెలల్లో చేస్తే ఫలితం మెరుగు, ఆలస్యమైన కొద్దీ లోపలి అతుకులు గట్టిపడతాయి. ఇంటికి పోయి చూసే మనకే ఇది ముందు తెలుస్తుంది కాబట్టి ఆ ఫోన్ చేయడం మన పని.

మూడో గడప ఏమంటే, కర్ర లేకుండా ఇంట్లో కుంటకుండా నడవడం, ఆపరేషన్ కాలి మీద ఒంటిగా గట్టు పక్కన 10 లెక్కపెట్టేదాకా నిలబడటం. నాలుగో కాగితంలో పెద్దగా ఏమీ లేదు: బయట నడక రోజూ కొంచెం కొంచెం పెంచడం, మెట్లు ఒక్కో కాలికి ఒక్కో మెట్టుగా ఎక్కడం, గట్టు పట్టుకుని కుర్చీలో కూర్చోబోయినట్టు కొద్దిగా వంగి లేవడం. ఇది 12 వారాల దాకా, తర్వాత తొడ బలం కోసం ఏడాది దాకా వారానికి మూడు రోజులు.

రెండు మోకాళ్లూ ఒకేసారి మార్పించుకున్నవాళ్లకు ఈ కాగితాలు యథాతథంగా ఇవ్వొద్దు. వాళ్లకు "బాగున్న కాలు" అనేదే లేదు, కుర్చీలో ముడిచే పద్ధతీ మెట్ల పద్ధతీ మార్చాలి, వాకర్ ఎక్కువ రోజులు ఉంటుంది. పాత మోకాలు తీసి మళ్లీ వేసినవాళ్లకూ, ఎముక అతికించినవాళ్లకూ ఎంత బరువు వేయాలో ఆపరేషన్ చేసినాయన చెప్పిందే లెక్క.

పెద్దమ్మ 6 వారాలకు ముడుపు 104, చాపు లోటు 3 డిగ్రీలు. రెండో గడప 5వ వారం చివర, మూడోది 9వ వారంలో దాటింది. మొదటి నుంచీ ఆమె అడిగింది ఒక్కటే, బతుకమ్మ పండుగకు కింద కూర్చుని పువ్వు పేర్చొచ్చా అని. అప్పటికి 11 వారాలు. కింద కూర్చోవడం మాట పక్కన పెట్టమని, తాంబాలం టేబుల్ మీద పెట్టుకుని ఎత్తు కుర్చీలో కూర్చుని పేర్చమని చెప్పా, ముప్పావు గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయాలన్న షరతుతో. తంగేడు, గునుగు కోసుకొచ్చింది కోడలు, పేర్చింది పెద్దమ్మ. మర్నాడు పొద్దున క్యాలెండర్‌లో సంఖ్య మారలేదు.